పాట కదిలించిందా, కదిలినవాళ్ళు పాడుకున్నారా?

ఉద్యమ పాటల మీద థీసిస్ రాసినవాళ్ళకి వైవాలో ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. పాట జనాన్ని కదిలించిందా, లేక ముందే కదిలిన జనం పాట పాడుకున్నారా? ఆకలి, అప్పు, వెట్టి, కూలి రేటు లాంటి కారణాల వల్ల ఉద్యమం ఎటూ వచ్చేదే కదా, పాట దాని వెంట నడిచిన డప్పు చప్పుడే కదా అని పరీక్షకులు అడుగుతారు. ఇది న్యాయమైన అనుమానం. అందుకే వైవాలో చదవబోయే ఇరవై నిమిషాల ప్రసంగ పాఠాన్ని మొదటి వాక్యం నుంచీ ఈ అనుమానం చుట్టూనే అల్లుకోవాలి.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ అనుమానం అభ్యర్థికి ముందే తెలిసే వీలుంది. యుజిసి 2022 నిబంధనల ప్రకారం థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. వారి నివేదికలు అనుకూలంగా వచ్చాకే వైవా జరుగుతుంది. అందులో గైడ్, బయటి పరీక్షకుల్లో కనీసం ఒకరు కూర్చుంటారు. కాబట్టి ప్రసంగ పాఠం రాయడం థీసిస్ తిరగేయడంతో మొదలుకాకూడదు. నివేదికల్లో లేవనెత్తిన సందేహాల దగ్గర మొదలు కావాలి. ఏడు అధ్యాయాల సారాంశాన్ని వరసగా అప్పజెప్పేవారు అక్కడే పొరబడతారు. చదివినదాన్నే మళ్ళీ వింటున్న పరీక్షకుడు ఐదో నిమిషానికల్లా తన ప్రశ్నల కాగితం మీదకి చూపు తిప్పుకుంటాడు.

మొదటి రెండు నిమిషాల్లో చేయాల్సిన పని వాదాన్ని చిన్నది చేయడం. ‘పాటలు ఉద్యమాన్ని నిర్మించాయి’ అన్న వాక్యాన్ని ఎవరూ నిరూపించలేరు, ఎవరూ కొట్టిపారేయలేరు. పాట చేయగలిగిన పనుల్ని విడదీస్తేనే పరీక్షించే వీలు కలుగుతుంది. పాట బయటివాళ్ళని ఉద్యమంలోకి పిలవగలదు. లోపల ఉన్నవాళ్ళని జారిపోకుండా పట్టి ఉంచగలదు. ఒక ఊరి కష్టాన్ని మరో ఊరికి మోసుకుపోయి, ‘మనలాంటివాళ్ళు అక్కడా ఉన్నారు’ అన్న ఎరుక కలిగించగలదు. ఈ మూడింటికీ కావలసిన రుజువులు వేరు. కొత్తగా చేరినవారి లెక్క మొదటిదానికి కావాలి. సమ్మె ఎన్నాళ్ళు నిలబడిందన్నది రెండోదానికి కావాలి. మూడోదానికి పాట నడిచిన దారి కావాలి. అభ్యర్థి వీటిలో ఒకదాన్ని ఎంచుకుని, మిగిలినవాటి జోలికి పోవడం లేదని మొదట్లోనే చెప్పేస్తే పరీక్షకుల సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

ఈ విభజనకి ఆసరాగా అమెరికా సమాజశాస్త్రవేత్త విలియం రాయ్ 2010లో వెలువరించిన ‘రెడ్స్, వైట్స్ అండ్ బ్లూస్’ పుస్తకాన్ని చూపవచ్చు. 1930, 40 దశకాల్లో వామపక్షాల ఆధ్వర్యంలో నడిచిన జానపద గీతాల ఉద్యమాన్నీ, ఆ తర్వాతి నల్లజాతి పౌరహక్కుల పోరాటాన్నీ ఆయన పక్కపక్కన పెట్టి చూశారు. మొదటిదానిలో కళాకారులు పాడారు, సభ విన్నది. రెండోదానిలో చర్చిలోనూ, ఊరేగింపులోనూ, జైలు గదిలోనూ వచ్చినవాళ్ళంతా కలిసి పాడారు. పాటలో ఏమున్నది అన్నదానికన్నా ఆ పాటతో జనం ఏం చేశారు అన్నది ఎక్కువ ముఖ్యమని రాయ్ వాదన. ప్రసంగంలో దీనికి ఒక్క నిమిషం చాలు. సిద్ధాంతాల వంశవృక్షాన్ని ఏకరువు పెట్టాల్సిన పని లేదు.

ఇక అసలు ఉదాహరణ. అనుమానించే పరీక్షకుల ముందు నిలబడటానికి అమెరికా దక్షిణ రాష్ట్రాల బట్టల మిల్లుల కథ కన్నా మంచి సందర్భం దొరకడం కష్టం. 1929లో మొదలైన సమ్మెలు 1934 నాటికి పెద్ద మంటగా మారాయి. ఆ ఏడాది సెప్టెంబరులో దేశమంతటా సుమారు 4 లక్షల మంది నేత, నూలు కార్మికులు పని ఆపేశారు. వారిలో చాలామంది కరొలైనా, జార్జియా ప్రాంతాల మిల్లు ఊళ్ళవాళ్ళు. ఇళ్ళు కంపెనీవి, కొట్టు కంపెనీది, చాలాచోట్ల చర్చికి డబ్బిచ్చేదీ కంపెనీయే. ఒక్కో మనిషి చూడాల్సిన మగ్గాల సంఖ్యను పెంచుకుంటూ పోయి, కూలి మాత్రం పెంచని పద్ధతిని వాళ్ళు ‘స్ట్రెచ్ అవుట్’ అని తిట్టుకునేవారు. ఊరికీ ఊరికీ మధ్య సంబంధాలు అంతంతమాత్రమే. మరి అన్ని ఊళ్ళు దాదాపు ఒకేసారి ఎలా లేచాయి?

విన్సెంట్ రొసిన్యో, విలియం డానహర్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నని పట్టుకున్నారు. వాళ్ళ పరిశోధన 2001లో అమెరికా సమాజశాస్త్ర పత్రికలో వ్యాసంగా, 2004లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళు చేసిన పని చెప్పుకోవడానికి తేలిక. రేడియో స్టేషన్లు ఎక్కడెక్కడ పుట్టాయో, సమ్మెలు ఎక్కడెక్కడ జరిగాయో పటం మీద పోల్చి చూశారు. స్టేషన్లకి దగ్గరలో ఉన్న మిల్లు ఊళ్ళలో సమ్మె పుట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆ రేడియోల్లో మిల్లు పని చేసి వచ్చినవాళ్ళే బాంజో, ఫిడేలు పట్టుకుని పాడేవారు. వాళ్ళ పాటల్లో మిల్లు దుమ్ము, చాలని జీతం, కంపెనీ కొట్టులో అప్పు ఉండేవి. గాస్టోనియా ప్రాంతపు మిల్లు కార్మికుడు డేవ్ మెకార్న్ 1930లో రికార్డు చేసిన ‘కాటన్ మిల్ కాలిక్’ ఆ కోవలోదే.

ప్రసంగ పాఠంలో ఈ భాగాన్ని సుమారు ఇలా రాసుకోవచ్చు:

“పాట వల్లనే సమ్మె జరిగిందని ఈ థీసిస్ చెప్పడం లేదు. కష్టం అన్ని ఊళ్ళలోనూ ఉంది. కష్టం ఒకేలా ఉన్న ఊళ్ళలో కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. ఆ తేడాకి, పక్క ఊరి కష్టం గురించి తెలిసే మార్గం ఉండటానికీ సంబంధం ఉందా అన్నదే నా ప్రశ్న. పాట ఆ మార్గాల్లో ఒకటి.”

ఈ నాలుగైదు వాక్యాల్లో బలమంతా ‘లేవని ఊళ్ళ’ ప్రస్తావనలో ఉంది. ఉద్యమ పాటల మీద వచ్చే థీసిస్‌లలో చాలావాటికి తగిలే దెబ్బ ఇదే. పాటా ఉద్యమమూ రెండూ ఉన్న చోట్లకే వెళ్ళి, రెండూ కలిసి ఉన్నాయని తేల్చుకుని వస్తారు. పాట ఉండి ఉద్యమం రాని ఊరు, పాట లేకుండానే ఉద్యమం వచ్చిన ఊరు పరిశోధనలో కనపడకపోతే పరీక్షకుడికి అనుమానించే హక్కు పూర్తిగా ఉంటుంది. కాబట్టి అలాంటి ఊళ్ళని కనీసం ఒకటి రెండైనా ప్రసంగంలో పేరు పెట్టి చెప్పగలగాలి.

ఇంతవరకూ అభ్యర్థి వాదం. ఇక్కడి నుంచి ఆరేడు నిమిషాలు తన వాదానికి ఎదురు చెప్పడంలో గడపాలి. రేడియో లెక్కకి మొట్టమొదటి అభ్యంతరం సూటిగా తగులుతుంది. స్టేషన్లు పెద్ద పట్టణాల్లో పుట్టాయి. పెద్ద పట్టణాల దగ్గర మిల్లులూ పెద్దవే, సంఘం కార్యకర్తలు వచ్చిపోవడమూ ఎక్కువే. అలాంటప్పుడు రేడియో పేరిట మనం కొలిచింది పట్టణాన్నేమో. దీనికి జవాబు మాటల్లో దొరకదు. ఊరి పరిమాణం, మిల్లు పరిమాణం, సంఘం ఉనికి ఒకేలా ఉన్న ఊళ్ళని విడిగా పోల్చి, అప్పటికీ తేడా మిగిలిందో లేదో చూపాలి. మిగిలిన తేడా చిన్నదైతే ‘చిన్నది’ అనే చెప్పాలి. దాన్ని పెద్దదిగా చూపబోయిన అభ్యర్థిని ఆ తర్వాత చెప్పే నిజాల విషయంలో కూడా ఎవరూ నమ్మరు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. అదే రేడియోలో 1933 మార్చి 12 నుంచి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రసంగాలు కూడా వినిపించాయి. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన కొత్త చట్టం కార్మికులు సంఘం పెట్టుకునే హక్కుని గుర్తించింది. ఢిల్లీ నుంచి ప్రధాని నేరుగా తమ ఇంట్లోకి వచ్చి మాట్లాడినట్టు మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినదాన్ని అక్కడి మిల్లు కార్మికులు అప్పుడు మొదటిసారి అనుభవించారు. మరి వాళ్ళని కదిలించింది ఫిడేలు పాటా, అధ్యక్షుడి గొంతా? ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు శబ్దాల ప్రభావాన్ని విడదీయడం ఎలా? రొసిన్యో, డానహర్ ఈ రెండింటినీ కలిపే చెప్పారు. పాట ‘మనం ఒక్కటే’ అన్న భావం ఇచ్చిందని, అధ్యక్షుడి ప్రసంగం ‘ఇప్పుడు తెగించవచ్చు’ అన్న ధైర్యం ఇచ్చిందని వారి వివరణ. పరీక్షకుడికి ఇది తృప్తి కలిగించకపోవచ్చు. కొంతవరకు కాలం సాయం చేస్తుంది. 1929 సమ్మెల నాటికి రూజ్‌వెల్ట్ అధ్యక్షుడు కాదు. కాబట్టి 1929నీ 1934నీ కలిపి ఒకే ముద్దగా చెప్పకుండా విడగొట్టి చూపిస్తే, అధ్యక్షుడి గొంతు లేని కాలంలో పాట ఏం చేసిందో కొంతైనా తెలుస్తుంది.

1929 దగ్గరే ఈ కథలో అన్నిటికన్నా కన్నీరు తెప్పించే మనిషి ఎదురవుతుంది. ఆమె పేరు ఎల్లా మే విగ్గిన్స్. నార్త్ కరొలైనాలోని బెసెమర్ సిటీలో మిల్లు కార్మికురాలు. తొమ్మిదిమందిని కని నలుగురిని పోగొట్టుకున్న తల్లి. ఏప్రిల్‌లో గాస్టోనియాలోని లోరే మిల్లులో సమ్మె మొదలయ్యాక సంఘంలో చేరి, అందరికీ తెలిసిన కొండ ప్రాంతపు వరసల్లో కొత్త మాటలు కట్టి సభల్లో పాడింది. సెప్టెంబరు 14న యూనియన్ సభకి ట్రక్కులో వెళ్తుండగా దారిలో అడ్డగించి కాల్చి చంపారు. ఆమె వయసు 28. విచారణకి వచ్చిన నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. లోరే సమ్మె ఓడిపోయింది. ఐదేళ్ళ తర్వాతి మహా సమ్మె కూడా సుమారు మూడు వారాలకే ముగిసింది. పనిలోకి తిరిగి వెళ్ళిన వేలమందికి తలుపులు మూసేశారు.

అనుమానించే పరీక్షకుడు ఇక్కడ ఆగి అడుగుతాడు: అంత గొప్పగా పాడినా ఓడిపోయారు కదా? ఈ ప్రశ్నకి తడబడేవారు తమ థీసిస్‌లో ఏం కొలుస్తున్నారో తేల్చుకోనివారు. సమ్మె గెలుపు యజమాని దగ్గరున్న సరుకు నిల్వల మీద, సైన్యాన్ని దించే గవర్నరు మీద, సంఘం నిధి మీద ఆధారపడుతుంది. వాటిని పాట మార్చలేదు. సమ్మెలోకి ఎంతమంది వచ్చారు, ఎన్ని ఊళ్ళకి పాకింది, తిండి లేని వారాల్లో ఎంతమంది నిలిచారు అన్నవాటినే పాటతో పోల్చడం సబబు. ఈ మాట ప్రసంగంలో ముందే ఉంటే ‘ఓడిపోయారు కదా’ అన్న ప్రశ్న రానే రాదు.

విగ్గిన్స్ కథలోనే ఆధారాల కష్టం కూడా ఉంది. ఆమె గొంతు రికార్డు కాలేదు. ఆమె మాటలు మనదాకా వచ్చింది ముఖ్యంగా మార్గరెట్ లార్కిన్ అనే రచయిత్రి వల్ల. విగ్గిన్స్ మరణించిన కొద్ది వారాలకే లార్కిన్ ఆ పాటల గురించి న్యూయార్క్ పత్రికల్లో రాసింది. అంటే పాటలు మనకి చేరేనాటికే ఆమె అమరురాలు, రాసినది ఆమె మీద గౌరవం ఉన్న మనిషి. ఏ పాట ఎంచారు, ఏది వదిలేశారు అన్నదాంట్లో ఆ గౌరవం పనిచేసి ఉంటుంది. ఇక వైవాలో వినిపించబోయే రికార్డు? తల్లి మిల్లుకి పోతూ పిల్లల్ని వదిలిన బాధ మీద ఆమె కట్టిన పాటని పీట్ సీగర్ 1956లో రికార్డు చేశాడు. హాల్లో వినపడేది 1956 నాటి ఒక వృత్తి గాయకుడి గొంతు. 1929లో సభలో చేతులు కట్టుకుని నిలబడ్డ కార్మికులు విన్నది అది కాదు. ఈ ఒక్క వాక్యం చెప్పి మరీ వినిపించాలి. నలభై సెకన్లు దాటకూడదు. వాదం చెప్పాక వినిపించాలి గానీ దానికి ముందు కాదు. ముందే వినిపిస్తే, మనసు కరిగించి ఒప్పించాలని చూస్తున్నారన్న భావన కలుగుతుంది, ఆ తర్వాత చెప్పిన లెక్కలు కూడా పలచనవుతాయి.

మరో చిక్కు పేరులోనే ఉంది. మెకార్న్ పాటలో మిల్లు బతుకు మీద విసుగు ఉంది, వెటకారం ఉంది. సమ్మె పిలుపు లేదు. రేడియో స్టేషన్లు ప్రకటనల మీద బతికేవి కాబట్టి పికెట్ పాటలు అక్కడ వినిపించడం అరుదు. విగ్గిన్స్ పాటల్లో సంఘం పిలుపు ఉంది, కానీ రేడియో లేదు. అంటే ఊళ్ళని కలిపిన పాటలు నిరసన పాటలు కావు, నిరసన పాటలు ఊళ్ళు దాటినవి కావు. ‘నిరసన పాట అని దేన్నంటారు?’ అన్న ప్రశ్నకి పాటలోని మాటల్ని బట్టి జవాబు చెబితే థీసిస్ రెండు ముక్కలవుతుంది. పాట పాడిన సందర్భాన్ని బట్టి చెబితే నిలుస్తుంది: రేడియోలో విన్న విసుగు పాటని పికెట్ దగ్గర పదిమంది కలిసి పాడినప్పుడు అది నిరసన పాట అవుతుంది. రాయ్ పుస్తకం ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది.

తెలుగు పాటల మీద పనిచేసేవారికి ఈ ఉదాహరణ ఎంతవరకు ఉపయోగం? పద్ధతి పూర్తిగా ఉపయోగం, ఆధారాల తీరు మాత్రం మారుతుంది. గరిమెళ్ళ సత్యనారాయణ రాసిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ విషయంలో సమకాలపు ఆధారం ప్రభుత్వమే ఇచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ పాటకి ఆయన్ని జైలుకి పంపింది. అప్పట్లో నిషేధించిన ప్రచురణల సంచయాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లోనూ, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. అవి తేదీ ఉన్న కాగితాలు, జ్ఞాపకాలు కావు. కానీ శిక్ష పడిన కాగితం చెప్పేది ప్రభుత్వం భయపడిందని మాత్రమే. జనం కదిలారని అది చెప్పదు. భయపడ్డ అధికారి అంచనా తప్పయి ఉండవచ్చు కూడా. ఈ గీత దాటి మాట్లాడితే పరీక్షకుడు పట్టుకుంటాడు.

తెలంగాణ సాయుధ పోరాటం విషయంలో ఇబ్బంది ఇంకోటి. బండి యాదగిరి పేరు మీద ప్రచారంలో ఉన్న ‘బండెనక బండి కట్టి’ 1946–51 నాటి పోరాటపు పాట. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాణంలో వచ్చిన ‘మాభూమి’ సినిమాలో గద్దర్ ఆ పాట పాడాక అది తెలుగువాళ్ళందరి నోటికీ ఎక్కింది. ఆ సినిమా తర్వాత ఒక పరిశోధకుడు నల్లగొండ జిల్లాలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ‘తాతా, దళం వచ్చినప్పుడు ఏం పాడేవాళ్ళు?’ అని అడిగితే ఆయన ఈ పాటే పాడవచ్చు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆయన నోట వస్తున్నది చిన్ననాడు విన్న పాటా, తెర మీద విన్న పాటా అన్నది ఆయనకే తెలియకపోవచ్చు. తేల్చుకునే దారులు కొన్ని ఉన్నాయి. సినిమాలో లేని చరణాలు వస్తున్నాయా, పాటలో ఆ ఊరి దొర పేరో, ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లో ఉన్నాయా, సినిమా చూడని అవ్వలు వేరే వరసలో పాడుతున్నారా అని చూడాలి. అలాంటి చరణం ఒక్కటి దొరికినా ప్రసంగంలో దానికి రెండు నిమిషాలు ఇవ్వవచ్చు. పది ఊళ్ళలో సినిమా పాఠమే దొరికితే ఆ మౌఖిక సాక్ష్యాన్ని 1940ల గురించి వాడకూడదు. 1980 తర్వాత ఆ పాట బతికిన తీరు గురించి వాడుకోవచ్చు, అది కూడా పరిశోధించదగ్గ విషయమే.

సమయం సంగతి కూడా పాఠం రాసేటప్పుడే చూసుకోవాలి. తెలుగులో నిదానంగా, అర్థమయ్యేలా చదివితే నిమిషానికి సుమారు వంద మాటలు వెళ్తాయి. ఇరవై నిమిషాలంటే రెండు వేల మాటలు. అందులో వాదానికి రెండు నిమిషాలు, నిర్వచనానికి రెండు, ఉదాహరణకి ఆరు, అభ్యంతరాలకి ఏడు, పరిమితులకి రెండు పోగా ఒక నిమిషం చేతిలో ఉంచుకోవాలి. గొంతు తడారినప్పుడో, రికార్డు మోగనప్పుడో ఆ నిమిషమే ఆదుకుంటుంది. చూసి చదవడం తప్పు కాదు. కానీ అభ్యంతరాల భాగాన్ని మాత్రం కాగితం వైపు చూడకుండా చెప్పగలగాలి. పరీక్షకులు మధ్యలో అడ్డు తగిలేది అక్కడే, కాగితం మీద వేలు పెట్టుకుని చదువుతున్న మనిషి ఆ అడ్డు తర్వాత దారి తప్పేదీ అక్కడే.

ప్రశ్నల సమయంలో అందరికన్నా అనుభవం ఉన్న పరీక్షకుడు తరచు చివరికి దాచుకునే ప్రశ్న ఒకటుంది: “మీ వాదం తప్పని ఏది కనిపిస్తే ఒప్పుకుంటారు?” దీనికి జవాబు ముందే రాసి పెట్టుకోవాలి. మిల్లు ఊళ్ళ ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

“సార్, ఊరి పరిమాణం, సంఘం ఉనికి సమానంగా ఉన్న ఊళ్ళని పోల్చినప్పుడు రేడియో దగ్గరున్నవాటికీ దూరంగా ఉన్నవాటికీ సమ్మెల్లో తేడా లేకపోతే నా వాదం తప్పే. 1929లో ఏ తేడా లేక, 1933 తర్వాతే తేడా కనిపిస్తే, కదిలించింది పాట కాదు, అధ్యక్షుడి ప్రసంగం అనుకోవాల్సి వస్తుంది. ఆ రెండు పట్టికలూ నాలుగో అధ్యాయంలో ఉన్నాయి, ఇప్పుడే చూపిస్తాను.”